దొంగ ఆకలి

పిచ్చయ్య మేస్త్రీ అడిగితే చాందీ ఏనాడూ లేదనలేదు.

మిర్యాలగూడలో రైస్ మిల్లుల బాట మీద సారా దుకాణం ఉంది. దాని పక్కన రేకుల నీడలో చాందీ పొయ్యి. మిర్చీలు, గారెలు, ఉడికించిన శనగల ఉప్పు గుడాలు, బోటి వేపుడు. పొద్దుగూకితే రాజేసేది. సారా దుకాణం తలుపులు మూసేదాకా ఆర్పేది కాదు. సాగర్ కాలువ నీళ్ళు వచ్చాక మిల్లులు పెరిగాయి. మిల్లులతో హమాలీలు పెరిగారు. హమాలీలతో సారా, సారాతో చాందీ బోటి.

పిచ్చయ్య హమాలీలకు మేస్త్రీ. ఏ బస్తా ఎవరి వీపు మీదికి ఎక్కాలో అతను చెప్పాలి. రాత్రి ఇంట్లో అన్నం తినే వచ్చేవాడు. రెండు గ్లాసుల సారా లోపలికి పోయేసరికి పస్తున్న మనిషిలాగా పొయ్యి ముందు గొంతుక్కూర్చునేవాడు.

"ఏం పెడ్తవే చాందీ?"

"ఏం గావాల్నంటె అది పెడ్త మేస్త్రీ."

పెట్టేది. మిగతావాళ్ళకు గరిటె కొలత. అతనికి కొలత లేదు. ఆకులో బోటి సగం ఉండగానే ఇంకో గరిటె పడేది. పైన వేడి నూనె కూడా పోసేది. అతను నోరు కాలుతున్నా తినేవాడు.

"మేస్త్రీకి చెరువంత కడుపున్నది" అని హమాలీలు నవ్వేవారు.

చాందీ మరిది మంగ్త్యా మాత్రం నవ్వలేదు. ఒకరోజు కట్టెలు దించుతూ అడిగేశాడు.

"వదినె, వాడు అన్నను మింగినోడు. వానికి గిట్ల మెత్తగ పెడుతున్నవ్. తండల ఏమనుకుంటున్నరో ఎరికేనా?"

"అననియ్యి."

"నాకు సిగ్గయితున్నది."

"నీకు సిగ్గయితే అటు మొకం తిప్పుకో. కట్టెలైతె తెచ్చెయ్యి."

మంగ్త్యా మొహం తిప్పుకున్నాడు. కట్టెలు మాత్రం తెస్తూనే ఉన్నాడు.

చాందీ మొగుడు హన్మా. పెన్‌పహాడ్ అవతల తండా వాళ్ళది. భూమి చాలక మిల్లుకు వచ్చాడు. వాళ్ళ తండాలో సారా తాగనివాడు అరుదు. హన్మా తాగడు. ఒక ఏడాది జ్వరంతో చావు దాకా పోయి, తండా దేవుడు సేవాభాయాకు మొక్కుకుని మానేశాడు. పండక్కి కూడా ముట్టలేదు. తోటివాళ్ళు గేలి చేస్తే నవ్వి ఊరుకునేవాడు.

ఆరోజు వ్యాగన్లు స్టేషన్‌లో నిలబడి ఉన్నాయి. సరుకు తొందరగా పోవాలి. మిల్లు గోదాములో బస్తాలు తాటిచెట్టులో సగం ఎత్తుకు పేర్చి ఉన్నాయి. కింద ఉన్నవి పాత సరుకు, అవే ముందు పోవాలి. పద్ధతిగా అయితే పైనుంచి దించుకుంటూ రావాలి. అట్లా చేస్తే పూట పడుతుంది. పిచ్చయ్య కింది వరుసలోంచి గుంజమన్నాడు. హన్మా గుంజాడు. మొత్తం అతని మీదికి వచ్చింది.

బస్తాలు తీసేసరికి ప్రాణం మిగల్లేదు. ముందు నోరు తెరిచినవాడు పిచ్చయ్య.

"తాగి ఎక్కిండు. ఎక్కొద్దంటె ఇన్నడా? మీదికెల్లి పడ్డడు. పడుకుంట బస్తాలను కూడ తెచ్చుకున్నడు."

గోదాములో అప్పుడు వాళ్ళిద్దరే. చూసినవాడు లేడు. లంబాడోడు తాగాడంటే ఊళ్ళో నమ్మనివాడు లేడు.

హమాలీల్లో ఒక ఆచారం ఉంది. బస్తా గుంజే ఇనుప హుక్కు ఒక్కొక్కరికి ఒక్కటి. పనిలో చచ్చినవాడి హుక్కు పాడె మీద పెడతారు. దహనం అయ్యాక అందరూ చూస్తుండగా మేస్త్రీ దాన్ని అతని ఇంటి మనిషి చేతిలో పెడతాడు. హమాలీల ముఠాలో ఆ చోటు ఆ ఇంటిదే. కానీ తాగి చచ్చినవాడి హుక్కు పాడె ఎక్కదు. మేస్త్రీ ఇంటి గోడకు మేకుకు వేలాడుతుంది. తుప్పు పట్టి రాలేదాకా అంతే. ఆ పేరు కూడా ఎవరూ ఎత్తరు.

హన్మా పాడె వెంట ముఠా రాలేదు. తండావాళ్ళు నలుగురు మోశారు. హుక్కు పిచ్చయ్య గోడ మీద ఉండిపోయింది. అతని వాకిట్లో నుంచి పోతే కనపడుతుంది. చాందీ రోజూ ఆ వాకిట్లో నుంచే పోయేది. వేరే బాట ఉన్నా అటే పోయేది.

ఆమెకు కావలసింది ఒక్క మాట. హన్మా తాగలేదు. ఆ మాట వాడి నోటితో, నలుగురి ముందు.

ఏడ్చి అడిగింది, చెప్పలేదు. కుల పెద్దలతో అడిగించింది, నవ్వాడు. అప్పుడు పొయ్యి పెట్టింది.

*

పొయ్యి పెట్టినప్పుడు ఆమెకు ఉపాయమేమీ లేదు. వాడు రోజూ కళ్ళ ముందు ఉండాలి, అంతే. పెట్టాక చూసింది. ఇంట్లో కడుపునిండా తిన్నామని త్రేనుస్తూ వచ్చినవాళ్ళే గ్లాసు దించాక మళ్ళీ తింటున్నారు. సంగటి, పప్పు ఇంట్లో వదిలేసి వచ్చినవాళ్ళు నూనె కారే బోటికి చేతులు చాస్తున్నారు. చాలు అన్నవాడు లేడు. తెల్లారి వాళ్ళే పొట్ట పట్టుకుని "నిన్న గంత ఎందుకు తిన్ననో" అనేవారు.

ఒకసారి నూనె చిట్లి చెయ్యి కాలింది. గోపాలకృష్ణ డాక్టర్ దవాఖానాకు పోయింది. ఆయన కోదాడ వైపు మనిషి. మెల్లగా మాట్లాడతాడు. మందు రాస్తుంటే అడిగింది.

"డాక్టర్ సాబ్, బువ్వ తినొచ్చినోనికి సారా తాగంగనే మల్ల ఆకలెట్లయితది?"

ఆయన నవ్వాడు. "నీ బేరం బాగానే ఉన్నట్టుందే."

"బేరం కోసం కాదు. తెల్వక అడుగుతున్న."

ఆయన చెయ్యి వదిలి ఆమె వైపు చూశాడు. అడిగినదానికి జవాబు చెప్పే మనిషి ఆయన.

"కడుపు నిండితే లోపల్నుంచి తలకాయకు కబురు పోతుంది, చాలు ఆపమని. మిల్లు గేటు దగ్గర గంట కొడతారు చూడు, అట్లా. సారా తాగితే ఏమవుతుంది? మిషన్ నడుస్తుంటే ఆ మోతలో గంట వినపడుతుందా? కొట్టేవాడు కొడుతూనే ఉంటాడు. లోపలున్నవాడికి వినపడదు."

"మరి ఆకలి గంట?"

"దాన్ని సారాయే కొడుతుంది. తిండి లేక మాడినప్పుడు లేచే ఆకలికి తలలో ఒక చోటుంది. కడుపు నిండున్నా సారా పోయి దాన్ని లేపుతుంది. ఎట్లా లేపుతుందో మాకే ఇంకా పూర్తిగా తెలియదు. లేపుతుందని మాత్రం తెలుసు. దానికి తోడు నూనె, ఉప్పు ఇంకా కమ్మగా అనిపిస్తాయి. వద్దు అని చెప్పే బుద్ధి అప్పటికే పడుకుని ఉంటుంది."

"అంటె అది దొంగ ఆకలి."

"దొంగ ఆకలే. ఇంకో తమాషా చెప్పనా? సారాలోనే బలం ఉంది, నూనెకు కొంచెం తక్కువ. కానీ ఒళ్ళు దాన్ని తిండి కింద లెక్క కట్టదు. కార్జం ముందు సారాను వదిలించుకునే పనిలో పడుతుంది. నువ్వు పెట్టిన నూనె, కొవ్వు పక్కకు పడేస్తుంది. అదంతా పొట్ట. విడవకుండా ఏళ్ళకేళ్ళు తాగినవాడికి చివరికి అసలు ఆకలే చచ్చిపోతుంది. నీ దగ్గరికి వచ్చేవాళ్ళు ఇంకా అంత దూరం పోలేదులే."

చాందీ కాలిన చేతికి గుడ్డ చుట్టుకుంది.

"హన్మా ఆనాడు జొన్నరొట్టె సగం మిగిలిచ్చిండు సాబ్. మూటల అట్లనే ఉండె. తాగినోడు రొట్టె మిగిలిస్తడా?"

డాక్టర్ తల అడ్డంగా ఊపాడు. "మిగల్చనూవచ్చు. అది సాక్ష్యం కాదమ్మా."

"మీకు కాదు" అంది చాందీ.

ఆ రాత్రి నుంచే పిచ్చయ్య ఆకులో కొలత పోయింది. వాడి గంట వాడికి వినపడదు. ఆమెకు వినపడుతుంది. రెండో గ్లాసు తర్వాత వాడి చెయ్యి ఎట్లా వస్తుందో, ఎప్పుడు ఆకును నాకుతాడో ఆమెకు తెలుసు. పెట్టింది. ఆపకుండా పెట్టింది. వాడి పొట్ట పంచె మీదికి జారింది. మెట్టు ఎక్కితే ఆయాసం. బస్తా ఎత్తి చూపించలేక నోటితో తిట్టి పని చేయించేవాడు. చాందీ వాడి మెడ మీది మడతలు చూసేది. ఇంట్లో పెంచే మేకను చూసినట్టు చూసేది.

రెండు వానాకాలాలు పోయాక డాక్టరే పొయ్యి దగ్గరికి వచ్చాడు, పగటిపూట. ఆమె ఉల్లిగడ్డలు కోస్తోంది.

"పిచ్చయ్యకు షుగర్ వచ్చింది. గోళీలు ఇచ్చాను. నీ బోటి వాడికి వద్దు."

"నేను పిలుస్తలేను సాబ్. వస్తున్నడు."

"తెలుసు. తాగుడు మానమన్నాను, మానడు. అందుకే నీతో ఇంకో మాట చెప్పాలి. పక్కనే ఉండేదానివి నువ్వే." ఆయన పీట మీద కూర్చున్నాడు. "ఇంతవరకు వాడిది దొంగ ఆకలి. ఇక నిజం ఆకలి కూడా రావచ్చు. తిండి లేని కడుపుతో, ఆ గోళీ వేసుకుని, సారా తాగాడనుకో. తినకపోయినా నెత్తురులో చక్కెర తగ్గకుండా కార్జం తయారు చేసి పంపుతుంటుంది. సారా పనిలో పడితే అది ఆగిపోతుంది. పైనుంచి గోళీ ఉన్న చక్కెరను కిందికి గుంజుతుంది. అప్పుడు చెమటలు, వణుకు, పిచ్చి ఆకలి, తిక్క మాటలు. చూసేవాళ్ళు నిషా అనుకుంటారు. వదిలేస్తే ఫిట్స్ వచ్చి పోతాడు."

చాందీ కత్తి ఆగింది.

"అప్పుడు బోటి పెడితే?"

"బోటి, మిర్చీలు పనికిరావు. అవి అరిగేదాకా మనిషి ఉండడు. బెల్లం నీళ్ళో, చక్కెర నీళ్ళో కావాలి. మింగే తెలివి ఉంటేనే పొయ్యాలి. తెలివి తప్పినవాడి నోట్లో ఏదీ పొయ్యొద్దు. నా దగ్గరికి తేవాలి. గుర్తుంటుందా?"

"ఉంటది సాబ్" అంది చాందీ. ఆమె ఆ మాట అబద్ధం చెప్పలేదు.

*

కోతల రోజులు. వడ్ల లారీలు బాట పొడుగునా నిలబడ్డాయి. ముఠాకు పొద్దున్నుంచి ఊపిరి సలపలేదు. సారా దుకాణానికి వచ్చేసరికి బాగా పొద్దుపోయింది. పిచ్చయ్య తిన్నగా మిల్లు నుంచే వచ్చాడు. పెదవులు ఎండి ఉన్నాయి.

"బువ్వ తిన్నవా మేస్త్రీ?" అంది చాందీ.

"ఏడ తింట? లారీలు ఆగుతయా నా బువ్వకు?"

"గోళీ?"

"ఏసుకున్న. మరిస్తె నీ డాక్టర్ నా పానం తీస్తడు." గ్లాసు ఎత్తాడు. "బోటి పెట్టు."

చాందీ బోటి గిన్నె మీద మూత పెట్టింది. గిన్నెలో ఇంకా సగం ఉంది.

"ఖతం."

పిచ్చయ్య నమ్మలేదు. ఆమె నోట ఆ మాట ఎన్నడూ వినలేదు. "మిర్చీలు?"

"ఖతం."

"గుడాలన్న లెవ్వా?"

"అన్ని ఖతమైనయి మేస్త్రీ. ఇయ్యాల గిరాకీ బాగైంది."

"ఏందిరో, చాందీ ఎదురు తిరిగింది!" అని అరిచాడొకడు. అందరూ నవ్వారు. పిచ్చయ్యా నవ్వాడు. "సారా అన్న ఉన్నదా, అదిగూడ ఖతమేనా?" అని దుకాణంలోకి అరిచాడు. గల్లా మీది జవహర్ ఇంకో గ్లాసు పోశాడు. దాని వెనక ఇంకోటి. ఉత్త సారా.

చాందీ పొయ్యి ముందు కూర్చుంది. ఆమె చేతికి పనేమీ లేదు. వాడినే చూసింది.

ముందు వాడి మాట ముద్దయింది. అది సారాది. తర్వాత నుదుటి మీద చెమట వచ్చింది. చలికాలం, అందరూ గొంగళ్ళు కప్పుకుని ఉన్నారు. వాడి బనియన్ తడిసి వీపుకు అంటుకుంది. అది సారాది కాదు. గ్లాసు పట్టుకున్న చెయ్యి వణికి సారా మోకాలి మీద ఒలికింది.

"ఆకలి" అన్నాడు పిచ్చయ్య. "చాందీ, ఆకలే. ఏదన్న పెట్టు. మన్నన్న పెట్టు."

"రోజు ఉండే ఆకలేనాయె మేస్త్రీ!" హమాలీల్లో పెద్దవాడు భద్రు నవ్వాడు. "ఇయ్యాల ఒక్క దినం ఓర్చుకో. పొట్టన్న తగ్గుతది."

పిచ్చయ్య లేవబోయి కూలబడ్డాడు. జవహర్‌ను పట్టుకుని వేరెవరి పేరుతోనో పిలిచాడు. అందరూ పగలబడి నవ్వారు.

"ఎక్కింది."

"బాగ ఎక్కింది. పక్కకు పండుకోబెట్టున్రి. తెల్లారితే దిగుతది."

ఇద్దరు పట్టుకుపోయి కాలువ గట్టు మీద దించారు. చాందీ అప్పుడు లేచింది. రోజూ తన చాయలోకి వాడుకునే బెల్లం చెంబులో కలిపింది. బాగా చిక్కగా కలిపింది. పట్టుకుని గట్టు మీదికి పోయింది. ఏమవుతుందో చూద్దామని భద్రు, ఇంకొందరు వెనకే వచ్చారు. మంగ్త్యా కందిలి పట్టుకున్నాడు.

ఆమె చెంబు వాడి ముక్కు దగ్గర పెట్టింది. వాసనకు పిచ్చయ్య రెండు చేతులూ చాచాడు. ఆమె వెనక్కి తీసుకుంది.

"నా హన్మా తాగిండా?"

"ఇయ్యి... ఇయ్యి..."

"తాగిండా?"

"తాగలే. తాగలే. నేనే గుంజమన్న. కిందియి నేనే గుంజమన్న. ఇయ్యవే."

చాందీ తల తిప్పి భద్రును చూసింది. "ఇన్నవా కాకా?"

భద్రు బీడీ తీశాడు. "ఏమినుడు బిడ్డా? ఇప్పుడు చెంబు సూపిచ్చి నీ మొగడు రాజంటె రాజే అంటడు. తాగినోని మాట. తెల్లారితె యాదికుంటదా?"

వెనకున్నవాడు సరదాగా అడిగాడు. "మేస్త్రీ, నిన్ను గన్నదెవరు?"

"చాందీ... చాందీయే" అన్నాడు పిచ్చయ్య, చెంబు మీద నుంచి కళ్ళు తియ్యకుండా.

గట్టు మీద నవ్వులు ఆగలేదు.

చాందీ నిలబడిపోయింది. ఇన్నేళ్ళు అడిగిన మాట దొరికింది. చేతిలో పెట్టుకుంటే ఊకపొట్టు. తాగాడు అన్న ఒక్క మాటతో హన్మాను వాడు చెరిపేశాడు. అదే ఒక్క మాటతో ఇప్పుడు వాడు నిజం చెప్పినా నిలవడం లేదు. ఇంకొంచెం సేపు చెంబు ఇట్లాగే పట్టుకుంటే వాడు పోతాడు. ఎవరూ ఆమెను ఏమీ అనరు. తాగి చచ్చాడంటారు. వాడితో పాటు ఆ మాట కూడా పోతుంది. హన్మా హుక్కు ఆ గోడ మీదే తుప్పు పడుతుంది.

పిచ్చయ్య కళ్ళు పైకి తేలుతున్నాయి.

"సచ్చినోడు నాకెందుకు?" అంది చాందీ. గట్టిగానే అంది. కూర్చుని వాడి తల మోకాలి మీద పెట్టుకుంది. "మింగు. మింగురా!"

వాడు గుటక వేశాడు. ఆమె కొంచెం కొంచెంగా పోసింది. మంగ్త్యా కందిలి నేల మీద పెట్టేశాడు.

"వదినె, ఇడిసెయ్యి."

"నోరు మూసుకోని రిక్షా పట్టకరాపో. డాక్టర్ దగ్గరికి పోవాలె."

చెంబు ఖాళీ అయిన కాసేపటికి పిచ్చయ్య చుట్టూ చూశాడు. వణుకు తగ్గింది. "నేనిక్కడెందుకున్న?" అన్నాడు. మనిషి మాట. నవ్వుతున్నవాళ్ళు ఆగారు. సారా అంత తొందరగా దిగదని వాళ్ళకు తెలుసు.

*

దవాఖానాలో సూదితో చక్కెర నీళ్ళు ఎక్కించారు. గోళీ ఇంకా లోపల పని చేస్తూనే ఉంటుంది, బెల్లం ఒక్కటే చాలదు అన్నాడు డాక్టర్. తెల్లారింది. ముఠావాళ్ళు పనికి పోతూ ఆగి చూడవచ్చారు. పిచ్చయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముఖం ఉబ్బి ఉంది గానీ కళ్ళు తేటగా ఉన్నాయి.

"నిన్న నువ్వు తాగావు. కానీ పడింది తాగుడుకు కాదు" అన్నాడు డాక్టర్. "చక్కెర పడిపోయింది. మానెయ్యి. మానలేకపోతే ఖాళీ కడుపుతో మాత్రం తాగకు. ఆ గడియలో నీ ఒంటి సంగతి నీకు తెలియదు. రోజూ వచ్చేది దొంగ ఆకలి, నిన్న వచ్చింది నిజం ఆకలి. రెండూ నీకు ఒక్క తీరుగానే ఉంటాయి. పక్కన తెలిసినవాళ్ళు ఉండబట్టి బతికావు."

ఆయన లోపలికి పోయాడు. చాందీ మంచం పట్టె దగ్గరికి వచ్చింది.

"ఇప్పుడు చెప్పు మేస్త్రీ. తాగి లేవు. హన్మా తాగిండా?"

పిచ్చయ్య ముఠావాళ్ళ వైపు చూశాడు. పాత నవ్వు కొంచెం వచ్చింది. "పానం కాపాడినవ్, దండం పెడ్త. గానీ సచ్చినోని ముచ్చట ఇప్పుడెందుకే? తాగిండు, పడ్డడు. అందరికి ఎరికే."

మంగ్త్యా ముందుకు దూకాడు. చాందీ చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె వంగింది. అరవలేదు. మంచం చుట్టూ ఉన్నవాళ్ళకు మాత్రం వినపడింది.

"నిన్న నా గిన్నెల బోటి ఉండె మేస్త్రీ."

పిచ్చయ్య నవ్వు ఆగింది.

"సగం గిన్నె. నేనే మూత పెట్టిన. బువ్వ తిన్నవా అన్న, గోళీ ఏసుకున్నవా అన్న. యాదికున్నదా? నీకు చెమట పడుతుంటె సూస్కుంట కూసున్న. వీళ్ళు నవ్విన్రు. నిన్ను గట్టు మీద పారేసిన్రు. నీకు ఏం అయితున్నదో నీకు తెల్వదు, వీళ్ళకు తెల్వదు. నాకు తెలుసు. ఇన్నేండ్లు నీకు దొంగ ఆకలైతుంటె నేనే పెట్టిన. ఆ పొట్ట నాది. నిన్న నిజం ఆకలైతె నేనే పెట్టలే. నువ్వు సారా ఇడుస్తవా? ఇడువవు. రేపు రాత్రి నా పొయ్యి కాడికే వస్తవ్. ఆకలి అంటవ్. అది దొంగదో నిజందో సూసేది నేను. బోటి పెట్టాల్నో, బెల్లం పొయ్యాల్నో, మూత పెట్టాల్నో నా ఇష్టం."

పిచ్చయ్య కాళ్ళ మీద దుప్పటి సరిచేసుకున్నాడు. మళ్ళీ సరిచేసుకున్నాడు. రాత్రి గట్టు మీది చలి గుర్తుకు వచ్చిందో, నవ్వులు గుర్తుకు వచ్చాయో. భద్రును చూశాడు. భద్రు కళ్ళు దించుకున్నాడు.

"చెప్తె?" అన్నాడు పిచ్చయ్య.

"మిల్లు గేటు కాడ చెప్పాలె. ఎండల చెప్పాలె. ముఠా అంత ఉండంగ."

"చెప్తె పెడ్తవా?"

వంగినదల్లా చాందీ నిటారుగా నిలబడింది. చీర కొంగు నడుముకు చెక్కుకుని బయటికి నడిచింది.

*

మర్నాడు గేటు దగ్గర పిచ్చయ్య చెప్పాడు. తలవంచుకుని చెప్పాడు. హన్మా తాగలేదు. కింది వరుసలోంచి గుంజమన్నది నేనే. అతను వద్దన్నాడు, నేనే తిట్టి గుంజించాను. మిల్లు సేటు లక్ష్మీనర్సయ్య అరుగు మీద నిలబడి విన్నాడు. "ఆనాడే చెప్తే పోయేదేముండె పిచ్చయ్యా?" అన్నాడు.

గోడ మీది హుక్కు తెచ్చారు. సగం తుప్పు. పాడె లేదు గనక భద్రు తన తలగుడ్డ విప్పి నేల మీద పరిచి దాని మీద పెట్టాడు. ముఠాలో ఒక్కొక్కరు వచ్చి దాన్ని తాకి కళ్ళకు అద్దుకున్నారు. చివర పిచ్చయ్య దాన్ని తీసి మంగ్త్యా చేతిలో పెట్టాలి. ఆచారం ప్రకారం మేస్త్రీయే పెట్టాలి. వంగలేకపోయాడు, పొట్ట అడ్డం వచ్చింది. చాందీ చూస్తూ నిలబడింది. రెండోసారి, మూడోసారి వంగి చేతికి అందుకున్నాడు. మధ్యలో పక్కవాడు సాయం పట్టబోతే చాందీ "వద్దు, ఆయననే తియ్యనియ్యి" అంది.

మంగ్త్యా హుక్కు పట్టుకుని ఏడ్చాడు. "వదినె, నేను నిన్ను..." అన్నాడు.

"పనికి పో" అంది చాందీ. "లారీలు ఆగినయి."

ఆ పగలే ఆమె రేకులు విప్పింది. గిన్నెలు, మూకుడు, గరిటె గోనెలో కట్టింది. కోదాడ పోయే లారీ డ్రైవర్ శంకర్ తెలిసినవాడే, ఎక్కించుకున్నాడు. కోదాడలో చెల్లెలు తారా ఉంది. అక్కడ బస్సుల దగ్గర ఇడ్లీ పెడుతుంది. పగటి బేరం. సారా దుకాణం కనపడనంత దూరం.

"ఏందక్కా, నడిచే బేరం ఇడిసి వస్తున్నవ్?" అన్నాడు శంకర్.

"ఖతమైంది" అంది చాందీ.

రాత్రి పిచ్చయ్య వచ్చాడు. మానాలనే అనుకున్నాడట. ఇంట్లో అన్నం తిన్నాడో లేదో వాడికే గుర్తు లేదు. రెండు గ్లాసులు దించాడు. అలవాటుగా పక్కకు తిరిగి గొంతుక్కూర్చున్నాడు.

మూడు రాళ్ళు. మధ్యలో బూడిద. చెయ్యి పెట్టి చూశాడు, చల్లగా ఉంది.

కడుపులో మొదలైంది. నుదురు తుడుచుకున్నాడు. తడి ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. చెయ్యి ముందుకు చాచి కందిలి వెలుతురులో చూసుకున్నాడు. వణుకుతోంది. భయానికో, దేనికో.

"భద్రూ" అన్నాడు. "నాకైతున్నది ఏ ఆకలిరా?"

భద్రు గ్లాసు దించాడు.

"నాకేం తెలుసు మేస్త్రీ" అన్నాడు. "తాగినోనికి ఆకలైతది."

లేచి దులుపుకుని వెళ్ళిపోయాడు.